టీవీలో బొమ్మ బాగుంది, సౌండ్‌బార్‌లో శబ్దం లేదు: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

కొత్త సౌండ్‌బార్ తెచ్చి, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి, ఆన్ చేస్తే శబ్దం రాదు. అప్పుడు చాలామంది మొదట కేబుల్‌నే అనుమానిస్తారు. దాన్ని తీసి సెట్ టాప్ బాక్స్‌కి పెట్టి చూస్తారు. బొమ్మా శబ్దమూ రెండూ చక్కగా వస్తాయి. ఇంకేముంది, కేబుల్ బాగుంది కాబట్టి సౌండ్‌బారే పాడైందని తేల్చేసి షాపుకి పట్టుకెళ్తారు. షాపులో ఇంకో టీవీకి పెడితే అదే సౌండ్‌బార్ గట్టిగా మోగుతుంది. ఇంటికొచ్చి పెడితే మళ్లీ మౌనం.

ఈ తిప్పలంతా మొదటి పరీక్ష తప్పు కావడం వల్ల వచ్చింది. సెట్ టాప్ బాక్స్ నుంచి టీవీకి వచ్చే శబ్దమూ, టీవీ నుంచి సౌండ్‌బార్‌కి వెళ్లే శబ్దమూ ఒకే కేబుల్‌లో నడిచినా, ఒకే తీగ మీద నడవవు. మొదటిది బాగుంటే రెండోది కూడా బాగున్నట్టు కాదు. ఆ తేడా తెలిస్తే ఈ సమస్యలో సగం చిక్కు విడిపోయినట్టే.

హెచ్‌డీఎంఐని మొదట తయారుచేసింది ఒకే దిశ కోసం. ప్లేయర్ నుంచో, సెట్ టాప్ బాక్స్ నుంచో బొమ్మ, శబ్దం కలిసి టీవీలోకి రావాలి, అంతే. టీవీలోనే యాప్‌లు, ట్యూనర్ ఉన్నప్పుడు ఆ శబ్దం బయటి స్పీకర్లకు వెళ్లాలంటే వేరే ఆప్టికల్ కేబుల్ వేసుకోవాల్సి వచ్చేది. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో శబ్దం అదే కేబుల్‌లో వెనక్కి వెళ్లే ఏర్పాటు చేశారు. దాని పేరే ఏఆర్‌సీ, అంటే ఆడియో రిటర్న్ చానల్.

హెచ్‌డీఎంఐ ప్లగ్గులో 19 పిన్నులుంటాయి. ముందు దిశలో వచ్చే బొమ్మకీ శబ్దానికీ 1 నుంచి 12 వరకు ఉన్న పిన్నులు సరిపోతాయి. వెనక్కి వెళ్లే శబ్దం 14వ పిన్ను మీద వెళ్తుంది. ఈ రెండింటి మధ్య 13వ పిన్ను ఉంది. దాని మీద శబ్దం నడవదు, ఆదేశాలు నడుస్తాయి. టీవీ ఆన్ చేస్తే సౌండ్‌బార్ కూడా లేవడం, టీవీ రిమోట్‌తో సౌండ్‌బార్ వాల్యూమ్ మారడం దీనివల్లే. ఈ ఆదేశాల ఏర్పాటుని సీఈసీ అంటారు. ఏఆర్‌సీలో శబ్దం పంపడం మొదలుపెట్టాలా వద్దా అన్న సంగతి కూడా టీవీ, సౌండ్‌బార్ ఈ 13వ పిన్ను మీదే మాట్లాడుకుంటాయి.

కాబట్టి సౌండ్‌బార్ మోగాలంటే మూడు వరుసగా జరగాలి. ఏఆర్‌సీ ఉన్న పోర్టులకు తీగ సరిగ్గా కలవాలి. సీఈసీ మీద రెండింటికీ మాట కుదరాలి. ఆ తరవాత టీవీ పంపే శబ్దం సౌండ్‌బార్‌కి అర్థమయ్యే రూపంలో ఉండాలి. ఎక్కడ తెగినా బయటికి కనిపించేది ఒకటే, నిశ్శబ్దం. కానీ జాగ్రత్తగా చూస్తే మూడు నిశ్శబ్దాలకీ మూడు వేర్వేరు గుర్తులున్నాయి.

అన్నిటికంటే పనికొచ్చే గుర్తు వాల్యూమ్ బటన్. టీవీ రిమోట్‌తో వాల్యూమ్ పెంచి సౌండ్‌బార్ వైపు చూడండి. దాని డిస్‌ప్లేలో నంబర్ మారుతుంటే 13వ పిన్ను మీద మాటలు నడుస్తున్నట్టే. అప్పుడు లోపం 14వ పిన్ను దారిలోనో, శబ్దం రూపంలోనో ఉంటుంది. నంబర్ మారకుండా టీవీ సొంత స్పీకర్లలోనే శబ్దం పెరుగుతుంటే అసలు మాటే కుదరలేదు. పోర్టు, సీఈసీ సెట్టింగ్, సౌండ్ అవుట్‌పుట్ సెట్టింగ్, ఈ మూడింటినీ చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కొన్ని సౌండ్‌బార్లు టీవీ రిమోట్ కిరణాలను నేరుగా పట్టుకుని వాల్యూమ్ మార్చుకోగలవు. అందుకే ఈ పరీక్ష చేసేటప్పుడు సౌండ్‌బార్ ముందు భాగాన్ని ఒక దళసరి పుస్తకంతో అడ్డుపెట్టి, రిమోట్ టీవీకి మాత్రమే తగిలేలా నొక్కాలి. అలా నొక్కినా నంబర్ మారితేనే అది సీఈసీ పని.

ఒక ఇంట్లో మూడూ వరుసగా

హనుమకొండలో మా చిన్నాన్న వాళ్లింట్లో ఈ మూడు అడ్డంకులూ ఒకదాని వెనక ఒకటి ఎదురయ్యాయి. 43 అంగుళాల టీవీ గోడకి బిగించి ఉంది. కింద సెట్ టాప్ బాక్స్, పక్కన కొత్తగా కొన్న తక్కువ ధర స్టీరియో సౌండ్‌బార్. టీవీ వెనక మూడు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి. సౌండ్‌బార్ కేబుల్ HDMI 1లో ఉంది. సెట్ టాప్ బాక్స్ కేబుల్ HDMI 2లో ఉంది. మొబైల్ టార్చి వేసి చూస్తే HDMI 2 పక్కన సన్నని అక్షరాలతో ARC అని ఉంది.

ఇది చాలా ఇళ్లలో కనిపించే పరిస్థితి. డిష్ బిగించడానికి వచ్చినవాళ్లు చేతికి అందిన పోర్టులో బాక్స్ కేబుల్ పెట్టి వెళ్తారు. బాక్స్‌కి ఏ పోర్టయినా ఒకటే కాబట్టి అందులో వాళ్ల తప్పేం లేదు. కొన్నేళ్ల తరవాత సౌండ్‌బార్ వచ్చేసరికి ఖాళీగా ఉన్న పోర్టు ఏఆర్‌సీ లేనిదై ఉంటుంది. ఎక్కువ టీవీల్లో ఏఆర్‌సీ ఒక్క పోర్టుకే ఉంటుంది. అది ఒకటోదే కావాలని లేదు, రెండోదో మూడోదో కూడా కావచ్చు. పక్కన ARC అనో eARC అనో రాసి ఉన్నదే లెక్క.

సౌండ్‌బార్ వైపు కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. కొంచెం ఖరీదైన వాటికి రెండు పోర్టులుంటాయి. HDMI IN అని ఉన్నది ప్లేయర్‌నో గేమ్ బాక్స్‌నో పెట్టడానికి. టీవీకి వెళ్లాల్సింది HDMI OUT అని ఉన్నది, దాని పక్కన TV అనో ARC అనో ఉంటుంది. శబ్దం సౌండ్‌బార్‌లోకి వస్తుంది కదా, IN లోనే పెట్టాలి అని అనిపించడం సహజం. కానీ ఏఆర్‌సీ వెనక్కి నడిచే దారి. హెచ్‌డీఎంఐ లెక్కలో సౌండ్‌బార్ ఇప్పటికీ టీవీకి ముందుండే పరికరమే, కాబట్టి OUT లోనే పెట్టాలి.

రెండు కేబుళ్లూ అటూ ఇటూ మార్చాం. టీవీ సెట్టింగుల్లో సీఈసీ ఆన్ చేశాం. ఇది ఒక్కో కంపెనీ టీవీలో ఒక్కో పేరుతో ఉండటం వల్ల చాలామందికి దొరకదు. శామ్‌సంగ్‌లో Anynet+, ఎల్‌జీలో SIMPLINK, సోనీలో BRAVIA Sync, పానాసోనిక్‌లో VIERA Link, ఫిలిప్స్‌లో EasyLink అని ఉంటుంది. మరికొన్నిటిలో HDMI-CEC, HDMI Control అని సూటిగానే ఉంటుంది. ఇది ఆఫ్‌లో ఉంటే ఏఆర్‌సీ సాధారణంగా మొదలే కాదు. ఆ తరవాత సౌండ్ మెనూలోకి వెళ్లి అవుట్‌పుట్ చూశాం. TV Speaker అని ఉంది. ఇప్పుడు దాని కింద HDMI ARC అనే వరస కూడా కనిపించింది. అంతకుముందు అది బూడిద రంగులో, నొక్కినా పట్టకుండా ఉందట. ఆ తేడాని గమనించాలి. ARC వరస వెలగకపోతే టీవీకి ఆ పోర్టులో ఆడియో పరికరం ఉన్నట్టు తెలియలేదన్నమాట. అప్పుడు అవుట్‌పుట్ మెనూలో ఎంతసేపు తిరిగినా లాభం లేదు, మళ్లీ పోర్టు దగ్గరికీ సీఈసీ దగ్గరికీ వెళ్లాలి.

HDMI ARC ఎంచుకున్నాం. టీవీ స్పీకర్లు ఆగిపోయాయి. సెట్ టాప్ బాక్స్‌లో ఒక హెచ్‌డీ స్పోర్ట్స్ చానల్ నడుస్తోంది. సౌండ్‌బార్‌లో మాత్రం చడీచప్పుడు లేదు.

"నంబర్ మారుతుంది కదరా, మరి సౌండెందుకు రాదు?" అన్నాడు చిన్నాన్న, వాల్యూమ్ 18 నుంచి 30కి పెంచి.

"ఆగు చిన్నాన్నా, ఒకసారి యూట్యూబ్ పెట్టు" అన్నాను.

యూట్యూబ్‌లో పాట పెట్టగానే 30 మీద ఉన్న వాల్యూమ్‌తో ఇల్లు దద్దరిల్లింది. మళ్లీ స్పోర్ట్స్ చానల్‌కి వస్తే మౌనం. దీంతో కేబుల్, పోర్టు, సీఈసీ అన్నీ నిర్దోషులని తేలిపోయింది. ఒకదాంట్లో మోగి ఇంకోదాంట్లో మోగకపోతే లోపం తీగలో ఉండదు, శబ్దం రూపంలోనే ఉంటుంది.

శబ్దం ఏ రూపంలో వెళ్తోంది

టీవీ నుంచి సౌండ్‌బార్‌కి శబ్దం రెండు రకాలుగా వెళ్లొచ్చు. ఒకటి పీసీఎం. అంటే టీవీయే శబ్దాన్ని పూర్తిగా విప్పి, రెండు చానళ్ల స్టీరియోగా పంపుతుంది. దీన్ని చదవలేని సౌండ్‌బార్ ఉండదు. రెండోది డాల్బీ లాంటి కుదించిన రూపం. ఇందులో టీవీ విప్పే పని పెట్టుకోదు, వచ్చినదాన్ని వచ్చినట్టే తోసేస్తుంది. విప్పాల్సింది సౌండ్‌బార్. తక్కువ ధర సౌండ్‌బార్లలో చాలావాటికి డాల్బీ విప్పే ఏర్పాటు ఉండదు. అలాంటిదానికి డాల్బీ అందితే అది మౌనంగా ఉంటుంది, లేదా ఉండుండి గరగరమంటుంది.

యూట్యూబ్ వీడియోలు ఎక్కువగా స్టీరియోలోనే ఉంటాయి కాబట్టి పీసీఎంగా వెళ్లి మోగాయి. కొన్ని హెచ్‌డీ చానళ్లు, ఓటీటీ యాప్‌లలో 5.1 అని ఉండే సినిమాలు డాల్బీలో వస్తాయి. అందుకే 'యాప్‌లో పాత సీరియల్ వస్తోంది, కొత్త సినిమా రావడం లేదు' లాంటి వింత ఫిర్యాదులు వినిపిస్తుంటాయి. అందులో వింతేం లేదు, రెండింటి శబ్దం రూపం వేరు.

టీవీ సౌండ్ మెనూలో Digital Output Audio Format, Digital Sound Output, Digital Audio Out లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. కొన్ని టీవీల్లో ఇది Advanced లేదా Expert లోపల దాక్కుని ఉంటుంది. అందులో Auto, PCM, Pass Through లాంటివి ఉంటాయి. చిన్నాన్న టీవీలో Auto ఉంది. దాన్ని PCM చేయగానే స్పోర్ట్స్ చానల్ మోగింది.

Auto అని ఉన్నప్పుడు టీవీయే చూసుకోవాలి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. నిజానికి అందుకు ఏర్పాటుంది. ఏఆర్‌సీ కలిశాక టీవీ సీఈసీ మీద 'నీకు ఏ ఏ రూపాలు అర్థమవుతాయి' అని సౌండ్‌బార్‌ని అడగగలదు, సౌండ్‌బార్ జాబితా పంపగలదు. కానీ టీవీ అడగకపోయినా, సౌండ్‌బార్ జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తప్పయినా Auto లెక్క తప్పుతుంది. పీసీఎం పెడితే ఈ అడగడం, చెప్పడం మీద ఆధారపడాల్సిన పని ఉండదు.

పీసీఎం పెడితే నష్టం లేదా అంటే, అది సౌండ్‌బార్‌ని బట్టి ఉంటుంది. రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న 2.1 బార్‌కి చెప్పుకోదగ్గ నష్టమేం లేదు. అది ఎలాగూ స్టీరియోగానే మోగిస్తుంది. వెనక స్పీకర్లు ఉన్న 5.1 సెట్‌కి మాత్రం నష్టమే. ఎందుకంటే ఏఆర్‌సీలో పీసీఎం రెండు చానళ్లకే పరిమితం, 5.1 సినిమా కూడా స్టీరియోగా మారి వెళ్తుంది. అలాంటి సెట్ ఉన్నవాళ్లు పీసీఎంని పరీక్ష కోసమే వాడాలి. పీసీఎంలో మోగి Autoలో మోగకపోతే, సౌండ్‌బార్ పెట్టె మీద డాల్బీ గుర్తు ఉందో లేదో చూడాలి. ఉంటే సౌండ్‌బార్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి మళ్లీ Auto ప్రయత్నించాలి.

సెట్ టాప్ బాక్స్‌లో కూడా విడిగా ఆడియో సెట్టింగ్ ఉంటుందని మరిచిపోకూడదు. టీవీ సెట్టింగ్ మార్చినా ఆ బాక్స్ ఉన్న ఇన్‌పుట్‌లో మాత్రమే శబ్దం రాకపోతే, బాక్స్ మెనూలో డాల్బీ తీసేసి స్టీరియో పెట్టి చూడాలి. పెన్‌డ్రైవ్‌లో వేసుకున్న సినిమాలది ఇంకో గొడవ. వాటిలో కొన్నిటి శబ్దం డీటీఎస్ రూపంలో ఉంటుంది, దాన్ని విప్పలేని టీవీలు చాలా ఉన్నాయి. ఆ సినిమాకి టీవీ సొంత స్పీకర్లలో కూడా శబ్దం రాకపోతే సౌండ్‌బార్ జోలికి పోనవసరం లేదు.

కరెంటు పోయి వస్తే మళ్లీ మౌనం

మర్నాడు సాయంత్రం చిన్నాన్న ఫోన్ చేశాడు. కరెంటు పోయి వచ్చింది, మళ్లీ టీవీ స్పీకర్లలోనే వస్తోంది, సెట్టింగులేవీ తాను ముట్టుకోలేదన్నాడు. ఇదే మూడో అడ్డంకి, హ్యాండ్‌షేక్, అంటే టీవీ, సౌండ్‌బార్ లేవగానే ఒకదాన్నొకటి గుర్తుపట్టి మాట కుదుర్చుకోవడం. మొత్తం విషయంలో ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే నిన్న పనిచేసింది ఈరోజు పనిచేయదు.

సౌండ్‌బార్ లేవగానే ఏం జరుగుతుందో వరసగా చూస్తే ఇది అర్థమవుతుంది. మొదట అది కేబుల్‌లోంచి టీవీకి 5 వోల్టుల కరెంటు చూపిస్తుంది. టీవీ 19వ పిన్ను మీద 'నేనున్నాను' అని సూచన ఇస్తుంది. తరవాత సౌండ్‌బార్ 15, 16 పిన్నుల మీద టీవీ వివరాల పత్రం చదువుతుంది. తాను టీవీలో ఎన్నో పోర్టుకి తగిలి ఉందో దానికి తెలిసేది ఈ పత్రంలోనే. రెండో పోర్టయితే దాని చిరునామా 2.0.0.0 అవుతుంది. ఆ చిరునామా పట్టుకుని సీఈసీ మీద 'నేను ఆడియో పరికరాన్ని, ఫలానా పోర్టులో ఉన్నాను' అని ప్రకటిస్తుంది. ఆ పోర్టు ఏఆర్‌సీ ఉన్నదైతేనే టీవీ మాట ముందుకు సాగనిస్తుంది. అప్పుడు సౌండ్‌బార్ ఏఆర్‌సీ మొదలుపెట్టమంటుంది, టీవీ మొదలైందని జవాబిస్తుంది, 14వ పిన్ను మీద శబ్దం బయలుదేరుతుంది.

కరెంటు తిరిగొచ్చినప్పుడు ఈ వరస చెడటానికి వీలుంది. సౌండ్‌బార్ కొన్ని సెకన్లలోనే లేచి తన ప్రకటన చేసేస్తుంది. స్మార్ట్ టీవీ మాత్రం ఇంకా లోగో చూపిస్తూ లోడ్ అవుతుంటుంది. అడిగిన మాటకి జవాబు రాకపోతే కొన్ని సౌండ్‌బార్లు మళ్లీ మళ్లీ అడుగుతాయి, కొన్ని ఒకసారి అడిగి ఊరుకుంటాయి. అలా ఊరుకుంటే టీవీ లేచాక ఆడియో పరికరం లేదనుకుని తన స్పీకర్లకే మారిపోతుంది. కొన్ని సౌండ్‌బార్లు కరెంటు రాగానే బ్లూటూత్‌లోకి వెళ్లి కూర్చుంటాయి, డిస్‌ప్లేలో BT అని కనిపిస్తుంది. అప్పుడు హ్యాండ్‌షేక్ సంగతి తరవాత, ముందు సౌండ్‌బార్ రిమోట్‌తో ARC లేదా TV అనే ఇన్‌పుట్‌కి మార్చాలి.

చిన్నాన్న వాళ్లింట్లో ఇంకో సంగతి కూడా ఉంది. టీవీ ఇన్వర్టర్ లైన్ మీద ఉంది, సౌండ్‌బార్ మాత్రం పక్క గోడలో ఇన్వర్టర్‌కి కలపని సాకెట్‌లో ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ టీవీ నడుస్తూనే ఉంటుంది, సౌండ్‌బార్ ఒక్కటే ఆరిపోతుంది. మాట్లాడుకుంటున్న రెండింటిలో ఒకటి మధ్యలో మాయమైతే టీవీ తన స్పీకర్లకు మారడం సరైన పనే. సౌండ్‌బార్ తిరిగి లేచినా, అవుట్‌పుట్‌ని తనంతట తానే వెనక్కి మార్చే తెలివి ఆ టీవీకి లేదు. రెండింటినీ ఒకే బోర్డు మీదికి, ఇన్వర్టర్ లైన్ మీదికి తెమ్మన్నాను. అలా మార్చాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

తెగిన హ్యాండ్‌షేక్‌ని మళ్లీ కుదర్చాలంటే రిమోట్‌తో ఆఫ్ చేస్తే సరిపోదు. రిమోట్‌తో ఆపిన టీవీ నిద్రలో ఉంటుందంతే, పాత సంగతులు దాని మెమరీలో అలాగే ఉంటాయి. రెండింటినీ గోడ స్విచ్ దగ్గర ఆపి, హెచ్‌డీఎంఐ కేబుల్ రెండు వైపులా తీసి, రెండు నిమిషాలు ఆగాలి. ఈలోపు టీవీకి ఉన్న మిగతా హెచ్‌డీఎంఐ పరికరాలన్నీ, స్ట్రీమింగ్ స్టిక్, సెట్ టాప్ బాక్స్, గేమ్ బాక్స్ ఏవి ఉంటే అవి, తీసి పక్కన పెట్టాలి. తరవాత ముందు టీవీ ఆన్ చేసి, హోమ్ స్క్రీన్ పూర్తిగా వచ్చేదాకా ఆగాలి. అప్పుడు ARC పోర్టులో కేబుల్ పెట్టి, సౌండ్‌బార్ ఆన్ చేసి, దాన్ని ARC ఇన్‌పుట్‌కి తేవాలి. టీవీ తనంతట తాను మారకపోతే సౌండ్ అవుట్‌పుట్‌లో HDMI ARC ఎంచుకోవాలి. అప్పటికీ ఆ వరస వెలగకపోతే సీఈసీని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయాలి.

మిగతా పరికరాలు తీయమనడానికి కారణముంది. వేర్వేరు పోర్టుల్లో ఉన్నా సీఈసీ తీగ అన్నిటికీ ఒకటే, అందరూ మాట్లాడేది దాని మీదే. ఏ ఒక్క పరికరం ఆ తీగని సరిగ్గా వాడకపోయినా సౌండ్‌బార్ మాట టీవీకి చేరకపోవచ్చు. అన్నీ తీశాక సౌండ్‌బార్ మోగితే, వాటిని ఒక్కొక్కటిగా తిరిగి పెట్టుకుంటూ రావాలి. ఏది పెట్టగానే శబ్దం పోయిందో దాని సెట్టింగుల్లో సీఈసీ ఆఫ్ చేస్తే సరి. స్ట్రీమింగ్ స్టిక్‌లో సీఈసీ ఆఫ్ చేసినా సినిమాలు మామూలుగానే వస్తాయి, స్టిక్ లేచినప్పుడు టీవీ దానంతట అది ఆ ఇన్‌పుట్‌కి మారదంతే.

కేబుల్‌ని ఎప్పుడు అనుమానించాలి

వాల్యూమ్ నంబర్ మారుతోంది, అవుట్‌పుట్‌లో HDMI ARC ఎంచుకుని ఉంది, పీసీఎం పెట్టారు, అయినా యూట్యూబ్‌లో కూడా నిశ్శబ్దమే అయితే అప్పుడు కేబుల్ వంతు. 13వ పిన్ను పనిచేస్తోంది, 14వ పిన్ను పనిచేయడం లేదని దాని అర్థం. మామూలు ఏఆర్‌సీకి ఖరీదైన కేబుల్ అక్కర్లేదు, 14వ తీగ ఉన్న మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఏదైనా చాలు. కానీ పాత, చవక కేబుళ్లలో కొన్నిటికి ఆ తీగే ఉండదు, లేదా ప్లగ్గు దగ్గర ఊడి ఉంటుంది. అలాంటి కేబుల్‌తో సెట్ టాప్ బాక్స్ ఏ లోపం లేకుండా నడుస్తుంది. మొదట చెప్పిన తప్పు పరీక్షలో జరిగేది ఇదే.

కేబుల్‌ని పరీక్షించాలంటే ఇంకో ఇంట్లో ఏఆర్‌సీతో మోగుతున్న సౌండ్‌బార్ కేబుల్‌నే తెచ్చి పెట్టి చూడాలి. మధ్యలో స్ప్లిట్టర్, స్విచ్, పొడిగింపు ముక్క ఏవైనా ఉంటే తీసేయాలి. వాటిలో ఎక్కువ భాగం బొమ్మని ముందుకు పంపుతాయి గానీ శబ్దాన్ని వెనక్కి పంపవు.

టీవీ గోడకి బిగించి, కేబుల్‌ని గోడలో దాచినవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పొడవు కోసం ఫైబర్‌తో చేసిన హెచ్‌డీఎంఐ కేబుల్ వేయించుకుని ఉంటే దానికి దిశ ఉంటుంది. ఒక కొనకి SOURCE అని, ఇంకో కొనకి DISPLAY అని రాసి ఉంటుంది. శబ్దం టీవీ నుంచి వస్తోంది కదా అని SOURCE కొనని టీవీకి పెడితే పనిచేయదు. SOURCE కొన సౌండ్‌బార్‌కి, DISPLAY కొన టీవీకి పెట్టాలి. ఇలాంటి కేబుళ్లలో ఏఆర్‌సీ తీగలు లేనివి కూడా ఉన్నాయి కాబట్టి, గోడలో వేసి ప్లాస్టరింగ్ చేయకముందే సౌండ్‌బార్ తగిలించి చూసుకోవడం మేలు.

కొత్త టీవీల్లో ఉండే ఈఏఆర్‌సీ గురించి కొంచెం చెప్పాలి. ఇది హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది. 14, 19 పిన్నులు రెండింటినీ జంటగా వాడుతుంది, 8 చానళ్ల పీసీఎం దాకా మోయగలదు. ఏ రూపాలు అర్థమవుతాయన్న సంభాషణ కూడా సీఈసీ మీద కాకుండా ఈ జంట తీగల మీదే జరుగుతుంది. కాబట్టి ఈఏఆర్‌సీ కలిసినప్పుడు వాల్యూమ్ పరీక్ష తలకిందులు కావచ్చు. సీఈసీ ఆఫ్‌లో ఉన్నా శబ్దం రావచ్చు, టీవీ రిమోట్‌కి మాత్రం వాల్యూమ్ మారదు. ఈఏఆర్‌సీకి కేబుల్ కూడా కొంచెం మంచిది కావాలి, పెట్టె మీద Ultra High Speed అనో High Speed with Ethernet అనో ఉన్నది. శబ్దం ఉండుండి తెగుతుంటే టీవీ సెట్టింగుల్లో eARC ఆఫ్ చేసి చూడండి. అప్పుడది మామూలు ఏఆర్‌సీకి దిగుతుంది. దాంతో తెగడం ఆగితే ముందు కేబుల్ మార్చి, తరవాత eARC ఆన్ చేయాలి.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే చివరి పరీక్ష ఆప్టికల్ కేబుల్. టీవీలోంచి ఆప్టికల్ పెట్టి, సౌండ్‌బార్‌ని OPT ఇన్‌పుట్‌కి మార్చి, టీవీలో అవుట్‌పుట్ ఆప్టికల్, రూపం PCM పెట్టండి. ఇందులో సీఈసీ లేదు, హ్యాండ్‌షేక్ లేదు. దీంతో కూడా మోగకపోతే సౌండ్‌బార్‌ని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి. దీంతో మోగితే ఆ సౌండ్‌బార్‌ని ఇంకో టీవీ ఏఆర్‌సీ పోర్టుకి పెట్టి చూడాలి. అక్కడ ఏఆర్‌సీలో మోగితే లోపం మీ టీవీ పోర్టుది, అక్కడా మోగకపోతే సౌండ్‌బార్ పోర్టుది. వారంటీ ఉంటే ఏది తీసుకెళ్లాలో అప్పుడు తెలుస్తుంది. వారంటీ లేకపోతే ఆప్టికల్ మీదే నడిపించుకోవచ్చు. స్టీరియో సౌండ్‌బార్‌కి శబ్దంలో తేడా ఉండదు, వాల్యూమ్ కోసం మాత్రం సౌండ్‌బార్ రిమోట్ దగ్గర పెట్టుకోవాలి.